బోనస్ షేర్లా, స్ప్లిటా? విలువ ఒకటే, పన్ను లెక్కే వేరు

2024 అక్టోబర్ 28 సోమవారం పొద్దున మార్కెట్ తెరిచేసరికి రెండు పెద్ద షేర్ల ధరలు ఒక్కసారిగా కిందికి దిగి కనిపించాయి. శుక్రవారం 2,650 దాటి ఉన్న రిలయన్స్ 1,330 దగ్గరికి వచ్చింది. 6,600 ప్రాంతంలో ఉన్న మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 1,320 దగ్గరికి వచ్చింది. సంగతి తెలియకుండా యాప్ తెరిచినవాళ్లకు గుండె ఝల్లుమని ఉంటుంది. నిజానికి ఎవరికీ పైసా నష్టం జరగలేదు. ఆ రోజు రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది, డాక్టర్ రెడ్డీస్ ఒక షేరును ఐదుగా చీల్చింది. ఎవరి ఖాతాలో షేర్లున్నాయో చూసి అర్హుల్ని తేల్చే రోజు, అంటే రికార్డ్ డేట్, రెండింటికీ ఒకటే కావడంతో బోనస్‌ను, స్ప్లిట్‌ను పక్కపక్కన పెట్టి చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ముందు స్ప్లిట్ సంగతి చూద్దాం, అది తేలిక. డాక్టర్ రెడ్డీస్ షేరు ముఖ విలువ, అంటే కంపెనీ పుస్తకాల్లో ఒక్కో షేరుకు రాసుకునే విలువ, 5 రూపాయలు ఉండేది. దాన్ని 1 రూపాయి చేశారు. అంతకుముందు దాదాపు 16.7 కోట్ల షేర్లుంటే, తర్వాత దాదాపు 83.4 కోట్లు అయ్యాయి. 16.7 కోట్లను 5 రూపాయలతో గుణించినా, 83.4 కోట్లను 1 రూపాయితో గుణించినా వాటా మూలధనం సుమారు 83 కోట్ల రూపాయలే. అంటే కంపెనీ ఖాతా పుస్తకాల్లో మూలధనం దగ్గర కూడా అంకె మారలేదు. మార్కెట్ విలువ కూడా అంతే: పాత లెక్కలో సుమారు 1.1 లక్షల కోట్లు, కొత్త లెక్కలోనూ అంతే. అమెరికా మార్కెట్లో షేర్లకు బదులుగా ఆర్‌డీవై పేరుతో నడిచే ఈ కంపెనీ ఏడీఆర్ పత్రాలు ఉన్న మనవాళ్లకు కూడా ఒక్కోదానికి అదనంగా నాలుగు వచ్చాయి.

బోనస్‌లో ముఖ విలువ జోలికి పోరు. రిలయన్స్ షేరు ముఖ విలువ అప్పుడూ 10 రూపాయలే, ఇప్పుడూ 10 రూపాయలే. మరి 676.6 కోట్ల షేర్లు 1,353 కోట్లు ఎలా అయ్యాయి? కొత్తగా పుట్టిన 676.6 కోట్ల షేర్లకు ఒక్కోదానికి 10 రూపాయల చొప్పున మూలధనం చూపించాలి. ఆ 6,766 కోట్లను కంపెనీ ఎన్నో ఏళ్లుగా పోగేసుకున్న రిజర్వుల్లోంచి తీసి వాటా మూలధనం అనే పద్దులోకి మార్చింది. అలా మూలధనం 13,532 కోట్లయింది, రిజర్వులు సరిగ్గా ఆ 6,766 కోట్లే తగ్గాయి. డబ్బు బ్యాంకు ఖాతా దాటి బయటికి పోలేదు, బయటి నుంచి లోపలికీ రాలేదు. రెండు పద్దులూ వాటాదారుల సొమ్మే కాబట్టి కూడితే వచ్చే నికర విలువ నిన్నెంతో నేడూ అంతే.

షేర్లు పెరిగినా విలువ ఎందుకు పెరగదన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కంపెనీ విలువ దాని ఫ్యాక్టరీల నుంచి, వ్యాపారం నుంచి, రాబోయే లాభాల నుంచి వస్తుంది. అక్టోబర్ 28న జామ్‌నగర్ రిఫైనరీలో ఒక పీపా చమురు ఎక్కువ శుద్ధి కాలేదు, బాచుపల్లిలో ఒక మాత్ర ఎక్కువ తయారు కాలేదు. అదే లాభాన్ని రెట్టింపు షేర్లకు పంచితే ఒక్కో షేరుకు సగం వస్తుంది, అందుకే ధర కూడా సగమవుతుంది. మీ వాటా సంగతీ అంతే. 676.6 కోట్లలో మీకు 100 షేర్లుంటే ఎంత శాతమో, 1,353.2 కోట్లలో 200 ఉంటే అంతే శాతం. కొత్త షేర్లు అందరికీ ఒకే నిష్పత్తిలో వచ్చాయి కాబట్టి ఎవరి వాటా పెరగలేదు, ఎవరిదీ తరగలేదు. కంపెనీ బయటివాళ్లకు కొత్త షేర్లు అమ్ముకున్నప్పుడు మన వాటా పలచబడుతుంది. అది వేరే కథ.

నిష్పత్తి చదివేటప్పుడు మాత్రం ఒక తిరకాసు ఉంది. బోనస్‌లో చెప్పే అంకె అదనంగా వచ్చేది, స్ప్లిట్‌లో చెప్పేది మొత్తం. 1:1 బోనస్ అంటే ఒకటి ఉన్నవాళ్లకు రెండవుతాయి. 1:5 స్ప్లిట్ అంటే ఒకటి ఐదవుతుంది, ఆరు కాదు. 4:1 బోనస్ అంటే ఒకటికి నాలుగు కలిసి ఐదవుతాయి.

డివిడెండ్ దగ్గర కూడా చాలామంది తడబడతారు. డాక్టర్ రెడ్డీస్ 2023-24 సంవత్సరానికి షేరుకు 40 రూపాయలిచ్చింది. మరుసటి ఏడాదికి 8 రూపాయలే ఇచ్చింది. అంకె చూసి డివిడెండ్ కోసేశారనుకుంటే పొరపాటు, 40ని ఐదుతో భాగిస్తే సరిగ్గా 8. ముఖ విలువలో శాతంగా చెబితే రెండేళ్లూ 800 శాతమే. రిలయన్స్ 10 రూపాయల నుంచి 5.50కి వచ్చింది. షేర్లు రెట్టింపయ్యాయి కాబట్టి పాత లెక్కలో అది 11 రూపాయలు, అంటే నిజానికి పది శాతం పెరిగింది. ఇక్కడ శాతం మీద ఆధారపడితే బోల్తా పడతాం. ముఖ విలువ మారలేదు గనుక ఆ 5.50 రూపాయలు 55 శాతంగా కనిపిస్తాయి, అంతకుముందు ఏడాదివి 100 శాతం. అందుకే బోనస్ తర్వాత శాతం వదిలేసి, మీ మొత్తం షేర్లకు చేతికి ఎన్ని రూపాయలు వచ్చాయో చూసుకోండి.

మరి కంపెనీ ఒకసారి స్ప్లిట్‌ను, ఒకసారి బోనస్‌ను ఎందుకు ఎంచుకుంటుంది? వార్తల్లో ఎక్కువగా వినపడే కారణం చిన్న మదుపరులకు ధర అందుబాటులోకి తేవడం. అది రెండింటికీ వర్తిస్తుంది కాబట్టి ఎంపికను వివరించదు. అసలు తేడా రెండు హద్దుల్లో ఉంది. స్ప్లిట్‌కు హద్దు ముఖ విలువ: సెబీ నిబంధనల ప్రకారం అది 1 రూపాయి కంటే తగ్గకూడదు. బోనస్‌కు హద్దు రిజర్వులు. 2013 కంపెనీల చట్టం ప్రకారం స్వేచ్ఛగా వాడుకోగల రిజర్వులు, సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతా, మూలధన విమోచన రిజర్వు, ఈ మూడింట్లోంచే బోనస్ ఇవ్వాలి. భూమి విలువ పెరిగిందని కాగితం మీద పెంచుకున్న రిజర్వులోంచి ఇవ్వకూడదు. డివిడెండ్‌కు బదులుగానూ ఇవ్వకూడదు. డిపాజిట్లు, రుణపత్రాల చెల్లింపులు, ఉద్యోగుల పీఎఫ్, గ్రాట్యుటీ ఎగ్గొట్టిన కంపెనీకి బోనస్ ఇచ్చే అర్హతే లేదు.

ఈ రెండు హద్దులూ ఒకేచోట కనిపించేది బజాజ్ ఫైనాన్స్‌లో. 2025 జూన్‌లో ఆ షేరు ధర సుమారు 9,300. ఒక షేరును పది చేయాలనుకున్నారు. ముఖ విలువ 2 రూపాయలే ఉంది కాబట్టి స్ప్లిట్‌తో రెండుకు మించి చేయలేరు. అందుకని ముందు ఒకదాన్ని రెండుగా చీల్చి, ఆ పైన ఒక్కోదానికి నాలుగు బోనస్ ఇచ్చారు. రెండు ఐదులు పది. జూన్ 16న ధర 930 దరిదాపుల్లో మొదలైతే, షేరు తొంభై శాతం పడిపోయిందనుకుని కంగారుపడినవాళ్లు ఎందరో. అదే ఏడాది ఆగస్టులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ తన చరిత్రలో మొదటిసారి బోనస్ ఇచ్చింది. 2011లో, 2019లో రెండు స్ప్లిట్‌లతో దాని ముఖ విలువ 10 నుంచి 1కి దిగిపోయింది, ఇక చీల్చడానికి ఏమీ మిగల్లేదు.

ఇంతవరకూ చెప్పినదాన్నిబట్టి మదుపరికి రెండూ ఒకటేనని అనిపిస్తుంది. కంపెనీ విలువ వరకూ అది నిజమే. ఆదాయపు పన్ను శాఖ కళ్లకు మాత్రం ఇవి రెండూ రెండు వేరే వస్తువులు. చాలా వివరణలు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాయి, అసలు తేడా మొదలయ్యేది ఇక్కడే.

స్ప్లిట్‌లో మీ పాత షేరే ముక్కలైంది. కాబట్టి కొన్న ధర కూడా ముక్కలవుతుంది, కొన్న తేదీ పాతదే ఉంటుంది. బోనస్‌లో పాత షేరు చెక్కుచెదరకుండా, పాత ధరతో, పాత తేదీతో అలాగే ఉంటుంది. కొత్తగా వచ్చిన షేరు కొన్న ధర సున్నా, దాని వయసు కేటాయించిన రోజు నుంచి మొదలవుతుంది. (2018 జనవరి 31 నాటికే వచ్చిన బోనస్ షేర్లకు ఆ రోజు మార్కెట్ ధరను లెక్కలోకి తీసుకునే వెసులుబాటు ఉంది, పాతవి ఉన్నవాళ్లు మర్చిపోకండి.) దీనికి తోడు, డీమ్యాట్‌లో ముందు వచ్చిన షేరు ముందు అమ్ముడైనట్టు లెక్కగడతారు. నేను బోనస్ షేర్లే అమ్మాను, పాతవి ఉంచుకున్నాను అంటే ఒకే ఖాతాలో కుదరదు.

ఒక లెక్క వేద్దాం. ఒకాయన 2024 ఫిబ్రవరిలో రిలయన్స్ 100 షేర్లు 2,900 చొప్పున కొన్నాడనుకుందాం. పెట్టుబడి 2,90,000. అక్టోబర్‌లో బోనస్ వచ్చి 200 అయ్యాయి. 2025 మే నెలలో ఇంట్లో అవసరం వచ్చి అన్నీ 1,400 చొప్పున అమ్మేశాడు. చేతికి 2,80,000 వచ్చింది. బ్రోకరేజీ పక్కన పెడితే 10,000 నష్టం. నష్టం వచ్చింది కదా, పన్నేముంటుందని ఎవరైనా అనుకుంటారు.

పన్ను లెక్క ఇలా నడుస్తుంది. మొదటి 100 షేర్లు కొన్నది 2,900కి, అమ్మింది 1,400కి. నష్టం 1,50,000. ఏడాది దాటాయి కాబట్టి ఇది దీర్ఘకాలిక నష్టం. మిగతా 100 బోనస్ షేర్లు, వాటి ఖర్చు సున్నా. వచ్చిన 1,40,000 మొత్తం లాభమే. వాటి వయసు ఏడు నెలలు కూడా లేదు కాబట్టి స్వల్పకాలిక లాభం. దీర్ఘకాలిక నష్టాన్ని స్వల్పకాలిక లాభంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి 1,40,000 మీద 20 శాతం చొప్పున 28,000, దాని మీద సెస్సు 4 శాతం కలిపి 29,120 కట్టాలి. వేరే ఆదాయం లేక కనీస మినహాయింపు మిగిలి ఉంటే కొంత తగ్గుతుంది గానీ, జీతం వచ్చేవాళ్లకు ఈ మొత్తం తప్పదు. 10,000 పోగొట్టుకున్న మనిషి దాదాపు 30,000 పన్ను కట్టడమంటే ఇదే. ఆ 1,50,000 నష్టం ఎటూ పోదు, రిటర్న్ గడువులోగా దాఖలు చేస్తే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. అయితే ఎప్పుడైనా దీర్ఘకాలిక లాభం వస్తేనే అది పనికొస్తుంది.

అదే షేరు బోనస్ కాకుండా రెండుగా స్ప్లిట్ అయి ఉంటే? 200 షేర్లు, ఒక్కోటి 1,450 చొప్పున, అన్నీ 2024 ఫిబ్రవరివే. అమ్మకం 1,400. దీర్ఘకాలిక నష్టం 10,000, పన్ను సున్నా.

ఆయన నవంబర్ దాకా ఆగి అదే ధరకు అమ్మినా ఇబ్బంది ఉండేది కాదు. అప్పటికి బోనస్ షేర్లకూ ఏడాది నిండుతుంది, లాభం దీర్ఘకాలికమవుతుంది, పాత షేర్ల నష్టంలో పూర్తిగా సర్దుబాటైపోతుంది. కాబట్టి బోనస్ వచ్చిన షేరును మొత్తం వదిలించుకోవాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది కేటాయింపు తేదీ. ఏడాది నిండటానికి రెండు మూడు నెలలే ఉంటే, షేరు మీద మరీ భయం లేకపోతే, ఆగడం మంచిది. ఆగలేకపోతే సగం మాత్రం అమ్మండి. ముందు పోయేవి పాతవే గనుక బోనస్ షేర్ల జోలికి వెళ్లకుండా పని జరుగుతుంది.

బోనస్ ఎప్పుడూ చేటు చేస్తుందనీ కాదు. పదేళ్ల కిందట తక్కువకు కొని, ఇప్పుడు సగం అమ్మి సగం ఉంచుకోవాలనుకునేవాళ్లకు అది కలిసొస్తుంది. 1,000కి కొన్న షేరు 1:1 బోనస్ తర్వాత 1,350 పలికితే, ముందు అమ్ముడయ్యే పాత షేరు మీద లాభం 350 మాత్రమే. స్ప్లిట్ అయితే కొన్న ధర 500 అయ్యేది, అదే అమ్మకం మీద లాభం 850 అయ్యేది. పన్ను మాఫీ కాలేదు, సున్నా ధర ఉన్న షేర్లతో పాటు తర్వాతి ఏళ్లకు జరిగింది. దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి 1,25,000 దాకా పన్ను లేదు కాబట్టి, కొద్దికొద్దిగా అమ్ముకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

బజాజ్ ఫైనాన్స్‌లా రెండూ కలిసి వచ్చినప్పుడు లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలి. 9,000కి కొన్న ఒక షేరు పది అయిందంటే ఒక్కోటి 900 పడిందని చెప్పుకోవడం మన మాటల్లో సరే. పన్ను లెక్కలో మాత్రం స్ప్లిట్‌తో వచ్చిన మొదటి రెండు షేర్లు 4,500 చొప్పున, మిగతా ఎనిమిదీ సున్నా. కొన్ని యాప్‌లు సగటు ధర 900 అని చూపిస్తాయి. దాన్ని పట్టుకుని రిటర్న్ వేస్తే లెక్క తప్పుతుంది. బ్రోకర్ ఇచ్చే పన్ను నివేదికలో ఒక్కో లాట్ ఏ తేదీన, ఏ ధరకు వచ్చిందో విడిగా ఉంటుంది, చూడాల్సింది దాన్ని.

ఇక రికార్డ్ డేట్‌కు ముందే కొందామా, తర్వాత కొందామా అనేది. కొత్తగా కొనేవాళ్లకు నా సలహా, స్ప్లిట్ అయితే ఎప్పుడు కొన్నా ఫరవాలేదు, బోనస్ అయితే అయిపోయాక కొనండి. తర్వాత కొంటే మీ షేర్లన్నిటికీ ఒకే తరహా ధర, తేదీ ఉంటాయి, సున్నా ధర షేర్ల గొడవ ఉండదు. ముందే కొని, బోనస్ తీసుకుని, పడిపోయిన పాత షేర్లను నష్టానికి అమ్మి ఆ నష్టాన్ని వేరే లాభాల్లో చూపించుకుందామనే ఎత్తు ఒకప్పుడు షేర్లలో నడిచేది. 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ దారి మూసేశారు. రికార్డ్ డేట్‌కు ముందు మూడు నెలల్లో కొని, ఆ తేదీ తర్వాత తొమ్మిది నెలల్లోపు పాతవి అమ్మి, బోనస్ షేర్లు ఉంచుకుంటే ఆ నష్టాన్ని ఒప్పుకోరు. దాన్ని మీ దగ్గర మిగిలిన బోనస్ షేర్ల కొనుగోలు ధరగా లెక్కిస్తారు.

ముందే కొనాలనుకుంటే రికార్డ్ డేట్‌కు కనీసం ఒక పని రోజు ముందు కొని ఉండాలి. ఆ రోజే కొంటే సెటిల్‌మెంట్ మర్నాటికి గానీ కాదు, బోనస్ రాదు. ధర మాత్రం ఆ రోజు పొద్దున్నే దిగిపోతుంది, కొత్త షేర్లు ఖాతాలో పడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈ మధ్యలో పోర్ట్‌ఫోలియో ఎర్రగా కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు. 2024 అక్టోబర్ నుంచి రికార్డ్ డేట్ తర్వాత రెండో పని దినాన బోనస్ షేర్లు అమ్ముకోవచ్చని సెబీ నియమం పెట్టింది, అంతకుముందు ఈ నిరీక్షణ చాలా ఎక్కువ ఉండేది. స్ప్లిట్‌లో ముఖ విలువ మారడం వల్ల షేరును గుర్తించే ఐఎస్ఐఎన్ నంబరు కూడా మారుతుంది. పాత నంబరు కింద షేర్లు మాయమై కొత్త నంబరు కింద వచ్చినట్టు డీమ్యాట్ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే అది పొరపాటు కాదు. పాత ధర మీద పెట్టి ఉంచిన స్టాప్‌లాస్, జీటీటీ ఆర్డర్లను మాత్రం ఒకసారి చూసి కొత్త ధరకు మళ్లీ పెట్టుకోండి.

చిన్న కంపెనీల బోనస్ ప్రకటనల సంగతి ఇంకోటి. వాట్సాప్ గ్రూపుల్లో ఫలానా షేరు ఒకటి పదిగా స్ప్లిట్, పైగా బోనస్ అని ఊదరగొడుతుంటే ముందు దాని బ్యాలెన్స్ షీట్ తెరిచి రిజర్వుల వరుస చూడండి. ఆ రిజర్వులు ఏటా వచ్చిన లాభాలతో పెరిగాయా, లేక నిన్నమొన్న ప్రమోటర్ల బంధువులకు ఎక్కువ ధరకు షేర్లు కేటాయించగా వచ్చిన ప్రీమియం డబ్బా? రెండోది కూడా చట్టం ఒప్పుకునేదే, బోనస్ ఇవ్వడానికి పనికొస్తుంది. కానీ అది వ్యాపారం సంపాదించిన సొమ్ము కాదు. లాభాలు అంతంతమాత్రంగా ఉండి, ప్రకటన రోజు నుంచి ధర వరసగా అప్పర్ సర్క్యూట్లు కొడుతుంటే, రికార్డ్ డేట్ దాటాక ఆ పెరిగిన షేర్లను ఎవరికో ఒకరికి అంటగట్టాలని కాచుకుని ఉన్నవాళ్లు ఉన్నారని అనుకోవాలి. పది రూపాయల ధరలో కనిపిస్తున్న ఆ షేరు చవకా కాదా తెలియాలంటే షేరు ధరను పక్కన పెట్టి, స్ప్లిట్, బోనస్ అయ్యాక ఉన్న మొత్తం షేర్లతో దాన్ని గుణించి, వచ్చిన మొత్తాన్ని కంపెనీ ఏడాది లాభంతో పోల్చి చూడాలి.